వేలిముద్ర పడని చేతులకూ మస్టరు వేయండి: మా జీడిపప్పు ఫ్యాక్టరీ యాజమాన్యానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్యం వారికి, మేనేజరు గారికి,

నమస్కారం. నేను మీ ఫ్యాక్టరీలో టైమ్ కీపరుని. హాజరు యంత్రం గేటు దగ్గర నా బల్ల పక్కనే ఉంటుంది కాబట్టి ఎవరి వేలు పడుతోందో, ఎవరిది పడడం లేదో రోజూ నా కళ్ళ ముందే తెలిసిపోతుంది. కటింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆడవాళ్ళు అడిగితే వాళ్ళ తరఫున ఇది రాస్తున్నాను. దీనికి ముందు వినతిపత్రం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. జీతాల లెక్కలు చూసే కన్సల్టెంటు గారికి విడిగా చెప్పాం. "రూల్ అందరికీ ఒకటే" అన్న మాట తప్ప ఇంకో సమాధానం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది. కటింగ్‌లో కూర్చునేవాళ్ళలో చాలామంది పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళు. వాళ్ళ పేరున వెళ్ళే ఉత్తరం వాళ్ళు కూడా చదువుకోగలగాలని తెలుగులోనే రాస్తున్నాను.

మేము అడుగుతున్నది హాజరు నుంచి మినహాయింపు కాదు. వేలిముద్ర పడితేనే హాజరు అన్న నిబంధన నుంచి మినహాయింపు. అదీ ఫ్యాక్టరీ మొత్తానికి కాదు, పచ్చి జీడినూనె చేతికి అంటుకునే కటింగ్, బాయిలింగ్ సెక్షన్లకు మాత్రమే.

నోటీసు బోర్డు మీద ఉన్న రూల్ ఇది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలిముద్ర పడాలి. ఒకటే పడితే సగం రోజు. రెండూ పడకపోతే గైర్హాజరు. పంచ్ లేని రోజు, కోసిన పప్పు బరువు రాసి ఉన్న తూకం చీటీని కూలి బిల్లులో కలపరు. పీలింగ్, గ్రేడింగ్, ఆఫీసు వాళ్ళకు ఈ రూల్‌తో ఇబ్బంది లేదు. కటింగ్ వాళ్ళకు మాత్రం ఈ చివరి వాక్యం కడుపు మీద కొట్టినట్టయింది. కారణాలు వరసగా చెబుతాను.

1. వేలిముద్ర ఎందుకు పడడం లేదు

జీడిపిక్క తొక్క లోపల తేనెతుట్టె లాంటి గూళ్ళుంటాయి. ఆ గూళ్ళ నిండా నూనె. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, దాంతోపాటు కార్డాల్ అనే ఇంకో పదార్థం ఉంటాయి. రెండూ చర్మాన్ని కాల్చేవే. చాకిరేవుల్లో బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి కూడా ఈ కుటుంబానికి చెందిన చెట్టే. ఆ రసం ఒంటికి తగిలితే ఎలా పుండు పడుతుందో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

పాతరోజుల్లో పిక్కలను డ్రమ్ములో కాల్చేవారు. పొగ భరించలేనంతగా ఉండేది కానీ ఆ వేడికి నూనె కొంత కారిపోయి, కొంత కాలిపోయేది. ఇప్పుడు ఆవిరితో ఉడికిస్తున్నాం. పొగ లేదు, గుండు పప్పు తెల్లగా దిగుతుంది, పప్పు విరగడం తగ్గుతుంది. వ్యాపారానికి ఇదే మంచి పద్ధతి, మేమూ కాదనడం లేదు. అయితే ఆవిరిలో తొక్క మెత్తబడుతుందే తప్ప నూనె బయటికి పోదు, తొక్కలోనే ఉండిపోతుంది. కటింగ్ మెషీన్ బ్లేడు పడగానే అది నేరుగా వేళ్ళ మీదికి కారుతుంది.

ఏ వేళ్ళ మీద పడుతుందో కూడా చూడండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పిక్కను పట్టుకుని బ్లేళ్ళ మధ్య పెడతాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సూది పట్టుకుని తొక్కలోంచి పప్పును పెళ్ళగిస్తాయి. యంత్రంలో మనం నమోదు చేసినవి కూడా ఈ బొటనవేళ్ళు, చూపుడువేళ్ళే.

నూనె అంటిన చోట చర్మం ముందు గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. నాలుగైదు రోజులకు పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడిన చోట గీతలుండవు, నున్నగా ఉంటుంది. కొందరికి గీతల బదులు పగుళ్ళుంటాయి. యంత్రం చదివేది ఆ గీతలు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ చీలుతున్నాయి అన్నదే. అవి కనబడనప్పుడు అది మనిషిని ఎలా గుర్తుపడుతుంది?

నా మాట నమ్మాల్సిన అవసరం లేదు. యంత్రంలో లాగ్ ఉంది, తీసి చూడండి. ఆదివారం సెలవు తర్వాత సోమవారం ఉదయం కటింగ్ వాళ్ళవి కాస్త బాగానే పడతాయి. వారం గడిచేకొద్దీ తిరస్కరణలు పెరుగుతాయి, శనివారం సాయంత్రానికి అన్నిటికంటే ఎక్కువవుతాయి. ఇదే గేటు, ఇదే యంత్రం దగ్గర పీలింగ్ ఆడవాళ్ళకు ఏ రోజూ ఇబ్బంది లేదు. వాళ్ళ చేతికి వచ్చేది బోర్మా అనే వేడి గదిలో ఆరిన పప్పు, దానికి తొక్క నూనె ఉండదు. యంత్రం పాడైతే రెండు సెక్షన్లకూ పాడవ్వాలి కదా. ఇంకో రుజువు కూడా చెబుతాను. వేలిగీతల అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుంది, పై పొర సుమారు నెల రోజుల్లో కొత్తగా వస్తుంది. అందుకే పురిటికో, ఊళ్ళో పెళ్ళిళ్ళకో నెలకు పైగా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి వేలు మొదటి రోజు ఒక్కసారికే పడుతుంది. పనిలో కూర్చున్న వారానికి మళ్ళీ మామూలే.

2. యంత్రం ముందు జరుగుతున్నది

ఒక శనివారం సంగతి చెబుతాను. పేరు రాయను, మీరడిగితే చీటీలతో సహా చూపిస్తాను.

రెండో వరసలో కూర్చునే ఒక అక్క, ఏళ్ళ తరబడి కటింగ్ చేస్తున్న మనిషి, షిఫ్టుకు ముందే గేటు దగ్గరికి వచ్చింది. కుడి బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు వెలిగింది. చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చూపుడువేలు పెట్టింది. ఎడమచెయ్యి పెట్టింది. వేలి మీద నోటితో ఆవిరి ఊది తడిచేసి నొక్కింది. ఆ వేలు నేను దగ్గర నుంచి చూశాను. కొన మీద నల్లటి పొర సగం లేచి ఉంది, దాని కింద చర్మం లేతగా, ఎర్రగా ఉంది. వెనక లైను పెరిగిపోతోంది. బాయిలింగ్ నుంచి దిగిన పిక్కలు ఆరి కటింగ్‌కు సిద్ధంగా ఉన్నాయని లోపల నుంచి సూపర్‌వైజరు కేకేస్తున్నారు. ఇంకేం చేస్తుంది, లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తూకంలో ఆమె చీటీ మీద గుండ్లు 3 కిలోల 200 గ్రాములు, బద్ద 400 గ్రాములు. సాయంత్రం తూకంలో గుండ్లు 2 కిలోల 900 గ్రాములు, బద్ద 350 గ్రాములు. రోజు మొత్తానికి 6 కిలోల 850 గ్రాముల పప్పు. చీటీ మీద సూపర్‌వైజరు సంతకం ఉంది. సాయంత్రం బూడిదతో, సబ్బుతో చేతులు రుద్దుకుని వచ్చి వేలు పెడితే అప్పుడూ పడలేదు. నెలాఖరు షీటులో ఆ శనివారం ఆమె గైర్హాజరు. చీటీలు బిల్లులో కలపలేదు.

ఆ పప్పు మాత్రం బోర్మాలోకి వెళ్ళింది, పీలింగ్‌కు వెళ్ళింది, గ్రేడు కట్టి టిన్నుల్లోకి ఎక్కింది. మనిషి రాలేదని మన పుస్తకం అంటోంది, ఆమె కోసిన పప్పు వచ్చిందని మన స్టాకు రిజిస్టరే అంటోంది. ఈ రెండూ ఒకే ఆఫీసులో, ఒకే బీరువాలో ఉన్నాయి.

వేతన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పని చేయాల్సిన చోట మనిషి లేని సమయానికే గైర్హాజరు కోత వేయవచ్చు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది ఇదే, 2019 వేతనాల కోడ్‌లోనూ ఇదే ఉంచారు. యంత్రం గుర్తుపట్టకపోవడం, మనిషి లేకపోవడం ఒకటి కాదు.

3. మీరు చెప్పిన మార్గాలన్నీ చూశాం

మళ్ళీ నమోదు చేయించమన్నారు, చేయించాం. సోమవారం నమోదు చేస్తే శనివారానికి చర్మం మారిపోతోంది. శనివారం నమోదు చేస్తే పగుళ్ళే వేలిముద్రగా ఎక్కుతున్నాయి, వారంలో ఆ పగుళ్ళు మానిపోయి కొత్తవి వస్తున్నాయి.

యంత్రంలో పోలిక హద్దు తగ్గించమని సర్వీసు మనిషి సలహా ఇచ్చాడు. అది మాత్రం చేయకండి. మన యంత్రం ఒక వేలిని అందరి వేళ్ళతోనూ పోల్చి వెతుకుతుంది. హద్దు బాగా తగ్గిస్తే ఒకరి వేలికి ఇంకొకరి పేరు పలికే ప్రమాదం ఉంది. అప్పుడు నష్టం వాళ్ళకే కాదు, మీకు కూడా.

చేతి తొడుగుల గురించి న్యాయంగా మాట్లాడాలి. పల్చటివి వేసుకుంటే బ్లేడు దగ్గర చిరిగిపోతాయి, చిరిగిన చోట నూనె లోపలికి దిగి అక్కడే నిలిచిపోతుంది. మందంవి వేసుకుంటే పిక్క జారుతుంది, సూది పట్టు దొరకదు, గుండ్లు విరిగి బద్దలవుతాయి. కిలోల మీద కూలి కాబట్టి ఎవరూ వేసుకోరు. ఆముదం రాసుకోవడమే వాళ్ళకు అలవాటు. ఆముదం చర్మాన్ని కొంత కాపాడుతుంది, కానీ ఆ జిడ్డు మిగిలితే స్కానర్ అద్దం మీద అలుక్కుంటుంది. చేతులు కాపాడుకుంటే హాజరు పోతోంది, హాజరు కోసం ఆముదం మానేస్తే చేతులు పోతున్నాయి.

ఉంగరం వేలు, చిటికెన వేలు నూనెకు తక్కువగా తగులుతాయి. అవి నమోదు చేస్తే కొందరికైనా పడవచ్చు. దీన్ని ప్రయత్నించడానికి మేము సిద్ధం, అడుగుతున్నవాటిలో కూడా చేర్చాం. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను. చిటికెన వేలి కొస చిన్నది, యంత్రానికి దొరికే గీతలు తక్కువ. బాయిలింగ్‌లో గంపలెత్తే వాళ్ళకు అరచెయ్యి మొత్తం ఒకేలా కాలిపోతుంది.

4. పోయేది ఆ రోజు కూలి ఒక్కటే కాదు

ఈ విషయం ఆఫీసులో ఎవరూ లెక్కేసినట్టు లేదు. ప్రసూతి సెలవు జీతం రావాలంటే కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసినట్టు పుస్తకంలో ఉండాలి. గ్రాట్యుటీకి వారానికి ఆరు రోజులు పనిచేసే మన లాంటి చోట ఏడాదికి 240 రోజులు చూస్తారు. జీడి పని ఏడాది పొడుగునా ఒకే జోరు మీద ఉండదు. పిక్కల సరుకు తక్కువైన నెలల్లో పనిరోజులే తగ్గుతాయి. ఉన్న రోజుల్లో వారానికొకటి చొప్పున యంత్రం మింగేస్తే ఏడాదికి 50 రోజులు పోయినట్టు. 270 రోజులు పనిచేసిన మనిషి పుస్తకంలో 220 రోజుల మనిషిగా మిగులుతుంది. ఆ ఏడాది ఆమె సర్వీసులోకి వస్తుందా రాదా అన్న తగాదా, ఆమె పని మానేసే రోజున గానీ బయటపడదు. అప్పటికి తూకం చీటీలు ఎవరి దగ్గరా ఉండవు.

ఇంకొకటి. శనివారం పంచ్ పడదని తెలిసి కొందరు శనివారాలు రావడమే మానేస్తున్నారు. ఉడికించిన పిక్కలు అలాగే ఉండిపోతే అతిగా ఆరిపోయి, సోమవారం కటింగ్‌లో పప్పు విరగడం పెరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

5. ఒకరి బదులు ఒకరు హాజరు వేసుకుంటారన్న మీ అనుమానం

మస్టరు పుస్తకం ఉన్న రోజుల్లో అలాంటివి జరిగాయి. అందుకే యంత్రం తెచ్చారు, అందులో తప్పు లేదు. కానీ కటింగ్‌లో ఆ మోసానికి చోటే లేదు. ఇక్కడ కూలి కిలోల మీద. హాజరు వేసుకుని పని చేయని మనిషికి తూకం రాదు, తూకం లేకపోతే కూలి రాదు. సీటు నంబరు, పేరు, రెండు పూటల బరువు, సూపర్‌వైజరు సంతకం ఉన్న చీటీ కంటే బలమైన హాజరు సాక్ష్యం ఏ యంత్రం ఇస్తుంది? రోజు కూలి మీద పనిచేసే బాయిలింగ్ వాళ్ళకు మాత్రం ఈ చీటీ ఉండదు. వాళ్ళు కొద్దిమందే కాబట్టి ఫోటో కార్డు సరిపోతుంది.

6. ఇలాంటి మినహాయింపు కొత్తది కాదు

దేశం మొత్తానికి వేలిముద్రల పద్ధతి నడిపే ఆధార్ సంస్థే ఈ సమస్యను ఒప్పుకుంది. 2017 అక్టోబరు 24న ఇచ్చిన సర్క్యులర్‌లో, రేషన్ లాంటి పథకాల్లో వేలిముద్ర పడకపోతే ఏం చేయాలో చెప్పింది. బాగా పడే వేలు ఏదో చూడాలి, ఐరిస్ గానీ ఓటీపీ గానీ వాడాలి, ఏదీ కుదరకపోతే మినహాయింపు రిజిస్టరులో రాసి సరుకు ఇవ్వాలి. ధృవీకరణ విఫలమైందన్న కారణంతో అర్హులకు లబ్ధి ఆగకూడదన్న మాటను సుప్రీంకోర్టు కూడా 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో పట్టించుకుంది. ఇవి ప్రభుత్వ పథకాల గురించి చెప్పినవి, ప్రైవేటు ఫ్యాక్టరీని నేరుగా కట్టిపడేసేవి కావని మాకు తెలుసు. అరిగిన వేలిని ఎలా చూడాలన్న పద్ధతి కోసం వాటిని చూపిస్తున్నాం.

పింఛనుదారుల సంగతి చూడండి. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు ముసలివాళ్ళ వేళ్ళు పడక ఇబ్బంది అవుతుంటే, కేంద్రం 2021 నవంబరులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి కూడా తెచ్చింది. 2020 మార్చిలో కరోనా భయం మొదలవగానే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో బయోమెట్రిక్ ఆపేసి రిజిస్టరులో సంతకాలు పెట్టించారు. ఆఫీసులు నడిచాయి, జీతాలు వచ్చాయి.

అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. మన లారీ డ్రైవర్లకు ట్రిప్ షీటే హాజరు, హమాలీలకు లోడింగ్ చీటీయే హాజరు. వాళ్ళ పని తీరుకు యంత్రం కుదరదని మీరే ఒప్పుకుని వదిలేశారు, మంచి పని చేశారు. కటింగ్ వాళ్ళకు తూకం చీటీని హాజరుగా తీసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

ఇక మేము అడుగుతున్నవి.

మొదటిది, కటింగ్, బాయిలింగ్ సెక్షన్లకు వేలిముద్ర నిబంధన నుంచి రాతపూర్వకంగా మినహాయింపు ఇవ్వండి. వేలు పడితే పంచ్ సరే. మూడుసార్లు పెట్టినా పడకపోతే ఫోటో ఉన్న కార్డు గీకడం, గేటు దగ్గర మినహాయింపు రిజిస్టరులో నేను, సెక్షన్ సూపర్‌వైజరు ఇద్దరం సంతకం చేయడం. కార్డు చదివే చోటు మన యంత్రంలో ఇప్పటికే ఉంది, కొత్తది కొనక్కర్లేదు, కార్డులు చేయిస్తే చాలు.

రెండోది, తూకం చీటీ ఉన్న రోజును పంచ్ ఉన్నా లేకున్నా పనిదినంగా లెక్కించండి. ఆ రోజు కూలితోపాటు పీఎఫ్, బోనస్, ప్రసూతి, గ్రాట్యుటీ లెక్కల్లో కూడా అది ఎక్కాలి.

మూడోది, రూల్ పెట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా గైర్హాజరు వేసిన రోజులను తూకం చీటీల కార్బన్ కాపీలతో సరిచూసి బకాయి చెల్లించండి. కాపీ పుస్తకాలు స్టోరులో ఉన్నాయి. పాత పుస్తకాలు తూకానికి అమ్మేసే అలవాటు ఉంది కాబట్టి, సరిచూడడం పూర్తయ్యేవరకు వాటిని బయటికి పంపవద్దని ఈరోజే ఆర్డరు వేయండి.

నాలుగోది, ఉంగరం వేలు, చిటికెన వేలు నమోదు చేసి నెల రోజులు చూద్దాం. ఎవరికి బాగా పడితే వాళ్ళు మామూలు పంచ్‌కు వస్తారు. మినహాయింపు అవసరం లేనివాళ్ళకు మినహాయింపు అడగడం మా ఉద్దేశం కాదు.

ఐదోది, ఆముదం, బూడిద, సబ్బు కటింగ్ షెడ్డులోనే ఫ్యాక్టరీ ఖర్చుతో పెట్టండి. ఇప్పుడు ఆముదం వాళ్ళే ఇంటి నుంచి సీసాలో తెచ్చుకుంటున్నారు.

మినహాయింపును ఆరు నెలలకు ఇచ్చి తర్వాత తిరిగి చూసుకోవాలనుకున్నా మాకు అభ్యంతరం లేదు. ఆ ఆరు నెలల రిజిస్టరు, తూకం చీటీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క దొంగ హాజరు కనిపించినా ఆ మనిషి మీద చర్య తీసుకోండి, సెక్షన్ మొత్తం మీద మాత్రం వద్దు.

వచ్చే నెల జీతాల షీటు కట్టే ముందు, అంటే 25వ తేదీలోగా, సమాధానం రాతలో ఇవ్వాలని కోరుతున్నాం. నోటీసు ఒడియాతోపాటు తెలుగులో కూడా పెట్టించండి. మాట్లాడాలనుకుంటే కటింగ్ నుంచి ముగ్గురు, బాయిలింగ్ నుంచి ఒకరు, నేను వస్తాం. తూకం చీటీలు, యంత్రం లాగ్ కాగితాలు మేమే తెస్తాం. ఆ తేదీలోగా ఏమీ రాకపోతే ఇవే కాగితాలతో జిల్లా లేబర్ ఆఫీసుకు వెళ్తాం. ఆ సంగతి ముందుగా మీకు చెప్పడం మర్యాద కాబట్టి ఇందులోనే రాస్తున్నాను.

ఇట్లు,
కటింగ్, బాయిలింగ్ సెక్షన్ల కార్మికుల తరఫున
టైమ్ కీపరు,
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా